రెండు లూపుల మధ్య కాలం: ప్రయోగశాల కోడ్‌ను కొలిచే పద్ధతి

సి భాష ప్రయోగశాలల్లో తరచుగా కనిపించే అభ్యాసాల్లో ఒకటి, రెండు చదరపు మాత్రికలను మూడు లూపులతో గుణించి, ఆ లూపుల వరుస మారిస్తే పట్టే కాలం ఎలా మారుతుందో చూపమనేది. లూపులను `i, j, k` వరుసలో రాసినా, `i, k, j` వరుసలో రాసినా లెక్క మాత్రం ఒక్కటే. మాత్రిక పరిమాణం 1024 అయితే ఏ విధంగానైనా 107 కోట్లకు పైగా గుణకారాలు జరగాలి. తేడా అంతా మెమరీని ఏ క్రమంలో చదువుతారన్న దానిలో ఉంది. సి భాష మాత్రికను అడ్డు వరుసల వెంట నిల్వ చేస్తుంది కనుక, మొదటి పద్ధతిలో లోపలి లూపు రెండో మాత్రికలో నిలువుగా దిగుతూ అడుగుకు 8192 బైట్లు దూకుతుంది. ప్రాసెసరుకు చేరువలో ఉండే చిన్న, వేగవంతమైన మెమరీని క్యాష్ అంటారు. అందులోకి సాధారణంగా 64 బైట్ల ముక్క ఒకేసారి వచ్చినా, ఈ పద్ధతిలో అప్పటికి పనికొచ్చేది ఎనిమిది బైట్ల సంఖ్య ఒక్కటే. రెండో పద్ధతిలో ఆ ముక్కలోని ఎనిమిది సంఖ్యలూ వెంటవెంటనే వాడుకలోకి వస్తాయి.

ఈ తేడాను కొలవడానికి గోడ గడియారం వంటి వ్యవస్థ సమయం తగదు, ఎందుకంటే నెట్‌వర్క్ ద్వారా సమయం సరిదిద్దుకునే క్రమంలో అది ముందుకో వెనక్కో గెంతవచ్చు. వెనక్కి గెంతని గడియారాన్ని మోనోటోనిక్ గడియారం అంటారు. దానికి తేదీతో సంబంధం లేదు, రెండు క్షణాల మధ్య దూరమే దాని పని.

```c
struct timespec a, b;
clock_gettime(CLOCK_MONOTONIC, &a);
multiply();
clock_gettime(CLOCK_MONOTONIC, &b);
double s = (b.tv_sec - a.tv_sec)
         + (b.tv_nsec - a.tv_nsec) / 1e9;
```

ఇక్కడ సెకన్లను వదిలి నానోసెకన్ల భాగాన్ని మాత్రమే తీసివేసే విద్యార్థులు తక్కువేమీ కాదు. అప్పుడప్పుడు రుణ సంఖ్య వస్తే కారణం గడియారం కాదు, ఆ తీసివేతే.

ఒక్క పరుగుతో వచ్చిన సంఖ్యను నమ్మలేము. మొదటి పరుగులో ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీ పేజీలను అప్పుడే కేటాయిస్తూ ఉంటుంది, ప్రాసెసరు ఇంకా పూర్తి వేగం అందుకోకపోవచ్చు. అందుకే దానిని వేడెక్కే పరుగుగా లెక్కించి పక్కన పెడతారు. ఆ తరువాతి ఐదు పరుగులు 401, 398, 397, 399, 640 మిల్లీసెకన్లు పట్టాయనుకుంటే సగటు 447 అవుతుంది, కానీ అంత కాలం పట్టిన పరుగు అందులో ఒక్కటీ లేదు. మధ్యలో మరో ప్రోగ్రాం అడ్డుపడిన ఒక్క పరుగు సగటును లాగేసింది. ఆరోహణ క్రమంలో నడుమ నిలిచే 399, అంటే మధ్యగతం, అసలు స్థితికి చాలా దగ్గర. రెండు పద్ధతులనూ ఒకదాని తరువాత ఒకటిగా మార్చి మార్చి నడపడం కూడా అవసరమే, లేకపోతే యంత్రం వేడెక్కి వేగం తగ్గించుకున్న భారమంతా రెండోదాని మీదే పడుతుంది.

అయితే ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువగా తారుమారు చేసేది కంపైలరుకు ఇచ్చే ఆప్టిమైజేషన్ స్థాయి, అంటే కోడ్‌ను వేగవంతం చేయడానికి అది ఎంత శ్రమపడాలో చెప్పే సూచన. ఏ స్థాయీ చెప్పకపోతే జీసీసీ కంపైలరు `-O0`గా తీసుకుంటుంది. అప్పుడు లూపు లెక్కింపు చరరాశులను సైతం ప్రతిసారీ మెమరీ నుంచి తెచ్చి తిరిగి మెమరీలో పెడుతుంది కనుక, క్యాష్ వల్ల కలిగే తేడాలో కొంత ఆ అనవసర శ్రమ కింద కప్పబడిపోతుంది. `-O2` దగ్గర ఆ శ్రమ తొలగి తేడా స్పష్టమవుతుంది, కానీ మరో ప్రమాదం ఎదురవుతుంది: ఫలిత మాత్రికను తరువాత ఎవరూ చదవడం లేదని కంపైలరు గ్రహిస్తే గుణకారాన్నే తీసివేయవచ్చు. వంద కోట్ల గుణకారాలు మైక్రోసెకన్లలో ముగిశాయని తెర మీద కనబడితే అనుమానించవలసింది ఇదే. ఫలితంలోని సంఖ్యలన్నీ కూడి, ఆ మొత్తాన్ని కాలం కొలిచే భాగం వెలుపల ముద్రిస్తే సరిపోతుంది.

`-O3` దగ్గర ఇంకా విచిత్రమైన సంగతి ఉంది. మాత్రికలు గ్లోబల్‌గా, పరిమాణం ముందే తెలిసేలా ప్రకటించి, లోపలి లూపులో `c[i][j] += a[i][k] * b[k][j]` అని నేరుగా రాసి ఉంటే, జీసీసీ తానే `j`, `k` లూపులను తారుమారు చేయగలదు. అప్పుడు విద్యార్థి రెండు వేర్వేరు ప్రోగ్రాములను పోల్చాననుకున్నా, యంత్రం మీద నడిచింది దాదాపు ఒకటే, కాలాలూ దాదాపు సమానం. లూపుల వరుసకు ప్రాధాన్యం లేదని దీన్నుంచి తీర్మానిస్తే పొరపాటు. అదే కోడ్‌ను ఇలా మళ్లీ కంపైల్ చేసి చూడాలి.

```
gcc -O3 -fno-loop-interchange mat.c -o mat
```

ఇప్పుడు తేడా తిరిగి కనిపిస్తే, మునుపటి సమానత్వం కంపైలరు చలవేనని తేలిపోతుంది. అందుకే మూడు స్థాయిల కాలాలను వేర్వేరు గడుల్లో, కంపైలరు వెర్షన్‌తో సహా నమోదు చేయాలి గాని, ఒక పద్ధతిని `-O0`లోనూ మరొకదాన్ని `-O3`లోనూ కొలిచి పక్కపక్కన పెట్టకూడదు.

ఇంత జాగ్రత్త పడినా రెండు మూడు శాతం తేడాను గెలుపుగా ప్రకటించడం తొందరపాటే. ప్రోగ్రాముతో ఏ సంబంధమూ లేని ఎన్విరాన్‌మెంట్ చరరాశుల మొత్తం పొడవు మారినా, ఫైళ్లను లింక్ చేసే వరుస మారినా మెమరీలో అమరిక జరిగి కొలత మారిపోతుందని, `-O2` కంటే `-O3` మేలా కాదా అన్న తీర్పు సైతం దానివల్ల తిరగబడవచ్చని 2009లో మిట్కోవిచ్, దివాన్ తదితర పరిశోధకులు చూపారు. ఒకే అమరికలో పరుగుల సంఖ్య ఎంత పెంచినా ఈ దోషం బయటపడదు. లింక్ వరుసను కావాలనే మార్చి మళ్లీ కొలిస్తే మాత్రం పడుతుంది.