చీము పట్టని పుండు

మా తమ్ముడి మనవరాలు ఎంబీబీఎస్ రెండో ఏడు చదువుతోంది. ఈ వారం మోడల్ పేపర్‌లోంచి ఒక బిట్ ఫొటో తీసి పంపింది. అక్యూట్ ఇన్‌ఫ్లమేషన్‌లో న్యూట్రోఫిల్ రక్తనాళం దాటే దశలను వరుసలో పెట్టాలట: అడ్హీషన్, మార్జినేషన్, ట్రాన్స్‌మైగ్రేషన్, రోలింగ్. కింద నాలుగు ఆప్షన్లు. జవాబు తనే పెట్టింది. ‘‘మా-రో-అ-ట్రా అని గుర్తుపెట్టుకున్నా తాతయ్యా, ఐదు సెకన్లలో అయిపోయింది’’ అంది. నాకు ఒళ్లు మండింది.

పాథాలజీ చెప్పి రిటైరైనవాణ్ని. బిట్ బ్యాంకుల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఆ పేజీలోనే పైన ఇంకో రెండు బిట్లున్నాయి. హిస్టమిన్ ఏ కణం నుంచి వస్తుంది? నాళం లీకయ్యేది ఏ చోట? ఒకటి కెమికల్ మీడియేటర్ల చాప్టర్, ఒకటి నాళాల చాప్టర్, మూడోది కణాల చాప్టర్. ఒకే కథను మూడు ముక్కలు చేసి, మూడు మార్కులకు అమ్ముతున్నారు.

ఆ కథను నేను ముక్కలుగా కాకుండా చూశాను. మా రోజుల్లో ల్యాబ్‌లో కప్ప ఉండేది. మా మాస్టారు దాని పేగును మెల్లగా బయటికి లాగి, పేగుకు అంటుకుని ఉండే పల్చటి పొరను మైక్రోస్కోప్ కింద పరిచేవారు. అది ఎండిపోకుండా ఉప్పునీళ్ల చుక్కలు వేస్తూ ఉండాలి. ఇంకేమీ చేయనక్కర్లేదు. పొర గాలికి తెరిచి ఉండటమే గాయం.

1867లో బెర్లిన్‌లో యూలియస్ కోన్‌హైమ్ చేసింది ఈ పనే. చీములోని కణాలు అక్కడి కండలోనే పుట్టి పెరుగుతాయని ఆయన గురువు విర్కో నమ్మేవాడు. శిష్యుడు కప్ప ముందు ఓపిగ్గా కూర్చుని, అవి రక్తంలోంచి నడిచి వస్తున్నాయని చూపించాడు.

మేం చూసిందీ అదే. ముందు చిన్న ధమనులు వెడల్పయ్యాయి, రక్తం జోరుగా పారింది. కాసేపటికి ఆ జోరు తగ్గింది. ఎర్రకణాలు నాళం మధ్యలో గుంపుగా పోతుంటే, తెల్లకణాలు ఒడ్డుకు చేరాయి. కాలవలో నీళ్లు నెమ్మదించినప్పుడు పుల్లా ఆకూ గట్టు పట్టినట్టు. అలా గోడ పక్కకు చేరిన కణం దొర్లింది, ఆగింది, మళ్లీ దొర్లింది, చివరికి కదలకుండా అతుక్కుంది. ఇక ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. భోజనానికి పోయినవాళ్లు అసలు ఘట్టం పోగొట్టుకున్నారు. నాళం గోడకు బయటి వైపు చిన్న బొత్తాంలాంటి బుడిపె లేచింది. అది పెరిగింది, సన్నటి కాడతో వేలాడింది, తెగి బయటపడింది. ఇదంతా జరిగేది సన్నటి సిరల దగ్గర. ధమనుల్లో ఎంత వెతికినా కనపడదు.

ఆ దృశ్యంలో చాప్టర్లు లేవు. నాళం చుట్టూ కాపలా ఉన్న మాస్ట్ కణాలు హిస్టమిన్ వదులుతాయి. దానితో ధమనులు వెడల్పవుతాయి. సన్నటి సిరల్లో లోపలి పొర కణాల మధ్య సందులు పడతాయి, ప్లాస్మా బయటికి కారుతుంది. మిగిలిన రక్తం చిక్కబడి నెమ్మదిస్తుంది. నెమ్మదించింది కాబట్టే తెల్లకణం గోడ పట్టగలిగింది. అదే హిస్టమిన్ నిమిషాల్లో ఇంకో పనీ చేస్తుంది. లోపలి పొర కణాల్లో దాచిపెట్టిన పి-సెలెక్టిన్‌ను పైకి తెస్తుంది, కణం దొర్లడానికి కావలసిన పట్టు అదే. మూడు బిట్లకూ ఒకే హిస్టమిన్ కాపు కాస్తుంటే, పిల్లలు దాన్ని ఒక్క బిట్‌కే జవాబుగా నేర్చుకుంటున్నారు.

బట్టీని తిట్టి ఇక్కడితో కాలమ్ ముగించేద్దామనే కూర్చున్నాను. కానీ మా-రో-అ-ట్రా తల్లోంచి పోలేదు. పరీక్ష హాలు దాటాక ఆ వరుసతో పని ఎక్కడ పడుతుందా అని ఆలోచించాను.

నెల దాటిన పసివాడు అనుకుందాం. బొడ్డు ఇంకా ఊడలేదు. చుట్టూ ఎర్రగా కమిలింది, జ్వరం ఉంది, ఒక్క చుక్క చీము లేదు. రక్త పరీక్షలో తెల్లకణాలు యాభై వేలు, ఎక్కువ భాగం న్యూట్రోఫిల్సే. బొడ్డు ఆలస్యంగా ఊడటం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ ఉంటుంది, అదొక్కటే చూసి బెదరకూడదు. కౌంట్ పెరగడానికీ వేరే కారణాలుంటాయి. కానీ రక్తం నిండా సైన్యం ఉండి పుండులో ఒక్కడూ లేడంటే, దారి మధ్యలో ఎక్కడో తెగింది. ఎక్కడ? ఇక్కడ మెట్లను వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి, అందుకు అవి నోటికి వచ్చి ఉండాలి.

కణం దొర్లుతోంది కానీ అతుక్కోలేకపోతోందంటే, దాని పైన ఉండాల్సిన ఇంటెగ్రిన్ లేదన్నమాట. ఫ్లో సైటోమెట్రీలో సీడీ18 చూస్తే తేలిపోతుంది. జబ్బు పేరు ల్యూకోసైట్ అడ్హీషన్ డెఫిషియెన్సీ, మొదటి రకం. తీవ్రంగా ఉంటే మూలకణాల మార్పిడి చేయాల్సి వస్తుంది.

అసలు దొర్లడమే లేదంటే లోపం ఇంకో మెట్టు వెనక. సెలెక్టిన్ పట్టుకోవడానికి తెల్లకణం పైన ఫ్యూకోజ్ అనే చక్కెర ఉన్న గొలుసు కావాలి. ఆ చక్కెర కణంలో సరైన చోటికి చేరని పిల్లలున్నారు, వాళ్లది రెండో రకం. వాళ్లకు రక్తం గ్రూప్ చేస్తే బాంబే గ్రూప్ వస్తుంది. 1952లో భెండే, ఆయన సహచరులు ముంబైలో గుర్తించిన అరుదైన గ్రూప్ అది. దానికి కావలసిన హెచ్ యాంటిజెన్ కూడా ఫ్యూకోజ్‌తోనే తయారవుతుంది మరి. మామూలు బాంబే గ్రూప్ వాళ్లు భయపడనక్కర్లేదు. వాళ్లలో లోపం హెచ్ యాంటిజెన్‌కే పరిమితం, తెల్లకణాలు చక్కగా దొర్లుతాయి. కానీ చీము పట్టని పుండూ, పెరిగిన కౌంటూ, బాంబే గ్రూపూ ఒకే పిల్లవాడిలో కలిశాయంటే, బ్లడ్ బ్యాంక్ స్లిప్పే ఏ మెట్టు విరిగిందో చెప్పేసినట్టు.

కాబట్టి వరుసను బట్టీ పట్టమనే చెబుతాను. ఇన్నేళ్లుగా ఈ కాలమ్‌లో నేను రాసినదానికి ఇది ఎదురే, తెలుసు. బిట్ మీద కోపం మాత్రం పోలేదు, దిశ మారిందంతే. అందులో ఒక మెట్టు తక్కువ ఉంది. దొర్లుతున్న కణం తనంత తానుగా అతుక్కోదు. నాళం గోడ మీద అంటి ఉన్న కీమోకైన్లు తగిలాక, అప్పటిదాకా ముడుచుకుని ఉన్న ఇంటెగ్రిన్ తెరుచుకుని గట్టిగా పట్టుకుంటుంది. దీన్ని యాక్టివేషన్ అంటారు. రోలింగ్‌కూ అడ్హీషన్‌కూ మధ్య దాని చోటు.

ఆ మెట్టు విరిగిన పిల్లలూ ఉన్నారు, మూడో రకం. వాళ్లలో ఇంటెగ్రిన్ ఉంటుంది, తెరుచుకోదు. కిండ్లిన్-3 అనే ప్రొటీన్ లోపం అది. సీడీ18 పరీక్ష చేస్తే మామూలుగానే వస్తుంది. నాలుగు మెట్లే నేర్చిన డాక్టరు ఆ రిపోర్టు చూసి ‘ఇది కాదులే’ అని ఫైలు మూసేస్తాడు. ఐదో మెట్టు తెలిసినవాడు ఇంకో ప్రశ్న అడుగుతాడు: పిల్లవాడికి రక్తస్రావం కూడా అవుతోందా అని. ప్లేట్‌లెట్లు అతుక్కునేదీ ఇంటెగ్రిన్‌లతోనే, వాటిని తెరిచేదీ ఆ కిండ్లినే.