బిడ్డకు చెప్పిన మాట, తల్లి విన్న మాట

లారీ వెనక రాసిన రాతలు చదివి నవ్వుకున్న సాహిత్యకారులు చాలామందే ఉన్నారు. లారీ నడిపేటోడు ఏం మాట్లాడుతడో చెవి పెట్టి విన్నవాళ్లు మాత్రం తక్కువ. ఇప్పుడు ఆ మనిషి చేతికి ఫోను వచ్చింది, ఫోన్లో గొంతు పంపే వీలు వచ్చింది. దూరం ట్రిప్పుల మీద తిరిగే ఒక డ్రైవరు అప్పుడే పుట్టిన తన ఆడబిడ్డకు వాయిస్ మెసేజ్‌లు పంపుతడు, ఆ మెసేజ్‌లే కథ. ఈ ఊహ కొత్తగా రాస్తున్న పిల్లల్ని ఊరిస్తున్నది. ఇందులో ఎంత బలముందో, ఎక్కడ మోసపోయే ప్రమాదముందో చూడాలని మేం అనుకుంటున్నాం. ఎందుకంటే దళితుని గొంతు పేరుమీద దళితుని గొంతునే నొక్కేసే అవకాశం ఈ రూపంలో చాలా ఉన్నది.

గొంతును ఉత్తరం చేసి పంపడం కొత్త సంగతేం కాదు. గల్ఫ్‌కు పోయినోళ్లు టేపు క్యాసెట్లలో మాట్లాడి, ఊరికి వచ్చేటోళ్ల చేత పంపేవాళ్లు. కేరళలో 1970ల చివర ఎస్.ఏ. జమీల్ రాసి పాడిన దుబాయ్ ఉత్తరం పాట ఊరూరా మోగింది. అది భార్య మొగనికి రాసే ఉత్తరం. తర్వాత మొగని జవాబు కూడా పాటగానే వచ్చింది. మన పాలమూరు లేబరు గుంపు మేస్త్రీల వెంట డ్యాములకు, కాల్వలకు, రోడ్లకు పోయింది. వాళ్లలో చదువు రానోళ్లే ఎక్కువ. ఉత్తరం రాయాలంటే ఇంకొకని చెయ్యి కావాలి, చదవాలంటే ఇంకొకని నోరు కావాలి. ఊర్లో చదివిపెట్టేటోడు ఎవరు? బడి పంతులో, పోస్టుమ్యానో, దొరింటి పిల్లగాడో. వాని ముందర మాదిగోడు పెండ్లానికి ఏం రాసుకుంటడు? ‘ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను’ అన్న మాటల వెనక దాచుకున్నదంతా దాచుకున్నట్టే ఉండిపోయింది. 2013 ఆగస్టులో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చినంక ఈ మధ్యవర్తి పక్కకు తప్పుకున్నడు. మాకు ఈ రూపం విలువ ముందుగా ఇక్కడ కనపడుతున్నది. అక్షరం రానితనం ఇందులో లోటుగా నిలబడదు.

అయితే మధ్యవర్తి నిజంగా పోయిండా? నెల నిండని పిల్లకు ఫోను ఉండదు. మెసేజ్ తల్లి ఫోనుకు పోవాలి. తొలికాన్పు తల్లిగారింట్ల జరిగితే, ఆ ఇంట్లో ఉండేది ఒకటే పెద్దఫోనైతే, అది బామ్మర్ది జేబులో ఉంటది. అంటే ‘బిడ్డా’ అని మొదలయ్యే మాట ముందు బామ్మర్ది చెవిన పడతది, తర్వాత అత్త వింటది, ఆ తర్వాత పెండ్లాం వింటది. బిడ్డ చెవి దగ్గర పెడితే అది ఉలిక్కిపడి ఏడుస్తది. కథ రాసేవాళ్లు ఈ వరుస మర్చిపోతే కథ అక్కడే పడిపోతది. బిడ్డ ఎట్లాగూ వినదు. వినే వాళ్లందరూ పెద్దోళ్లు. డ్రైవరుకు ఆ సంగతి తెలుసు, తెలిసే మాట్లాడుతున్నడు.

మన ఇండ్లల్లో మొగడు పెండ్లాన్ని, పెండ్లాం మొగణ్ని పేరు పెట్టి పిలుసుకునుడు తక్కువ. పిల్లలు పుట్టినంక ‘ఫలానాదాని అమ్మా’ అని పిలుస్తరు. అలిగినప్పుడైతే పిల్లను నడుమ నిలబెట్టి ‘మీ అయ్యకు చెప్పు అన్నం తినమని’ అంటరు. బిడ్డను ఆసరా చేసుకొని మాట్లాడుడు మనకు తాతలనాటి అలవాటు. వాయిస్ మెసేజ్ కథ ఈ అలవాటు మీదనే నిలబడాలి. ‘మీ అమ్మ కుట్లు మానినయా బిడ్డా’ అన్న ఒక్క మాటలో, పెండ్లాన్ని నేరుగా అడగలేని మనిషి అత్తముందర, బామ్మర్దిముందర అడుగుతున్నడు. ఇది తెలియని రచయిత ఏం చేస్తడంటే, తండ్రి చేత కూతురికి జీవితపాఠాలు చెప్పిస్తడు. అప్పుడది ఉపన్యాసమైతది. లారీ కేబిన్ల కూర్చున్నది రచయితే అని చదివేవాళ్లకు రెండో పేరాలో తెలిసిపోతది.

ఇక పని సంగతి. ఈ మనిషి ఎప్పుడు మాట్లాడుతడు? బండి నడుపుతుండగా కాదు. చట్టం సంగతి అట్లుంచినా, లోడు మీదున్న ఇంజను మోతలో మాట సరిగ వినపడదు. టోల్ గేటు దగ్గర మాట్లాడిస్తే అది పాతకాలపు ఊహ. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయినంక గేటు దగ్గర ఆగేది కొద్దిసేపే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినంక రాష్ట్రాల సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టుల క్యూలు కూడా పోయినయి. ఆగేదల్లా లోడింగు దగ్గర, అన్‌లోడింగు దగ్గర. రైసు మిల్లు ముందర తన వంతు కోసం, హమాలీల కోసం, బిల్లు కోసం గంటలకు గంటలు కూర్చోవాలి. ఆ గంటలకు కూలి కట్టేటోడు లేడు. కథలో మాటలన్నీ ఆ లెక్కలోకి రాని గంటల్లోంచి పుట్టాలి.

1961 మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. కానీ అది అయిదుగురు, అంతకన్న ఎక్కువమంది పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీలున్న ఓనరు దగ్గర పనిచేసే డ్రైవరుకు ఆ చట్టం అసలు అందనే లేదు. తర్వాత దాన్ని 2020 నాటి కోడ్‌లో కలిపేసిండ్రు. ఈ లెక్కలు కథలో చెప్పాలని మేం అనడం లేదు. ఈ లెక్క తెలిసినోడు రాస్తే, మెసేజ్ వచ్చిన టైము చూసే సంగతి అర్థమైతది. రాత్రి 2:40కి ఒకటి, పొద్దున 5:15కి ఇంకొకటి, మళ్లీ మధ్యాహ్నం 1:00కి మూడోది. వీడు పండుకున్నదెప్పుడు? రచయిత నోరు తెరవకుండానే చదివేవాళ్లు ఆ ప్రశ్న అడుగుతరు.

ఒక ట్రిప్పునే తీసుకొని చూద్దాం. మిర్యాలగూడ మిల్లులో బియ్యం లోడు ఎత్తుకొని బెంగళూరు పోవాలె. 167 నంబరు జాతీయ రహదారి మీద హాలియా, కొండమల్లేపల్లి, కల్వకుర్తి దాటి జడ్చర్లలో 44 నంబరు రోడ్డు ఎక్కాలి. అక్కడినుంచి కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి. నల్లగొండను, పాలమూరును కలిపే రోడ్డు ఇదే. పిల్ల తల్లిగారి ఊరు దేవరకొండ పక్కన అనుకుందాం. బండి కొండమల్లేపల్లి చౌరస్తాకు వచ్చినప్పుడు బిడ్డ కొద్ది మైళ్ల దూరంలోనే ఉంటది. ఓనరు బండికి జీపీఎస్ పెట్టించిండు. బండి పక్కకు తిరిగితే ఫోను మోగుతది. ఆలస్యమైతే బత్తా కోస్తడు.

ఇక్కడ తెలివితక్కువ రచయిత పెద్ద సీను రాస్తడు. చౌరస్తాల బండి ఆపి, ఏడ్చి, చుక్కలను చూసి మాట్లాడిస్తడు. మేమైతే ఆ చౌరస్తా దగ్గర మెసేజ్ పెట్టించం. దానికి ముందు హాలియా దాబా దగ్గర ఒకటి ఉంటది: ‘బిడ్డా, చాయ తాగుతున్న. తాటిపత్రి ఒక కాడ చినిగింది, కట్టిన. మీ మామకు చెప్పు, డబ్బులు రేపు కొడ్తనని.’ ఆ తర్వాత మెసేజ్ కల్వకుర్తి దాటినంక వస్తది, దాంట్లో రోడ్డు సంగతి ఒక్కటి లేదు. ‘పిల్లకు కాటుక బొట్టు పెట్టిండ్రా?’ అంతే. నడుమ తప్పిపోయిన ఆ గంటలో ఏం జరిగిందో ఆ ప్రాంతపు రోడ్డు తెలిసినోళ్లకు తెలుస్తది. తెలియనోళ్లకు పేర్లు చూసి అనుమానమొస్తది. పెండ్లానికి మాత్రం కచ్చితంగా తెలుస్తది. ఎందుకంటే పొద్దుగూకినంక ఆమె ఆ రోడ్డు దిక్కు చెవి పెట్టి ఉంటది.

మేం ప్రత్యేకంగా చెప్పదలచింది ఇంకొకటుంది. ఈ రూపంలో చెరిపేసిన మాటకు కూడా బరువున్నది. పంపిన మెసేజ్‌ను వెనక్కి తీసుకుంటే అది మాయం కాదు, This message was deleted అన్న గుర్తు అక్కడే ఉండిపోతది. ఉత్తరంలో కొట్టివేతను తిరగరాసి దాచేయొచ్చు, ఇక్కడ దాచలేరు. రాత్రి తాగి ఏదో అన్నడా, ఓనరును తిట్టిండా, ఆడపిల్ల పుట్టిందని ముందు మొకం చిన్నబుచ్చుకున్న సంగతి ఒప్పుకున్నడా? చెరిపేలోపల ఎవరు విన్నరు? విన్నరో లేదో చెప్పే గుర్తు కూడా ఉన్నది, విన్న మెసేజ్ మీద మైకు బొమ్మ నీలం రంగుకు తిరుగుతది. దీన్ని వాడుకోవడం తెలిసిన రచయితకు వర్ణనలు అక్కర్లేదు.

కులం సంగతికి వద్దాం. ‘లారీలో కులమెక్కడిది, డ్రైవరు డ్రైవరే’ అనే వాదన మేం విన్నం. బండి ముందరి అద్దం మీద ఎవరి ఇంటి దేవుడి పేరుందో చూడండి. మిల్లు ఎవరిది, లారీ ఎవరిది, మూటలు మోసేది ఎవరు, స్టీరింగు పట్టింది ఎవరు అన్నది వరుసగా అడగండి. రవాణా లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసు కావాలన్న నిబంధన 2019లో తీసేసేదాక ఉన్నది. ఆరో తరగతిలో బడి మానిపించబడ్డ పిల్లగాడు ఏండ్లకేండ్లు కిలీనరుగానే ఉండిపోయిండంటే ఆ నిబంధనను కూడా లెక్కలోకి తీసుకోవాలె. అతని కథలో తన కులం పేరు అతడు చెప్పకపోవచ్చు. సొంత బిడ్డకు కులం చెప్పుకునే అవసరమేముంది? కానీ అతని మాట చెప్తది. వేముల ఎల్లయ్య ‘కక్క’ నవల 2000లో నల్లగొండ మాదిగవాడ మాటతోనే వచ్చింది. ఆ మాటను పాత్రల నోటికి మాత్రమే పరిమితం చేయకుండా నడిపించడం దాని సాహసం. వాయిస్ మెసేజ్ కథకు ఆ సాహసం పుట్టుకతోనే రావాలి, ఎందుకంటే ఇందులో కథ చెప్పే ఇంకో గొంతే లేదు. అట్లాంటి కథను ‘పోయాను, చేశాను, అనిపించింది’ అని దిద్ది అచ్చేస్తే మిగిలేదేముంది? ఎడిటర్లకు మా మనవి ఇదే, దిద్దకండి. అర్థం కాని మాట కింద అర్థం కూడా రాయకండి. తండ్రి తన బిడ్డకు చెప్పేటప్పుడు అడుగున అర్థాలు ఇవ్వడు.

మాకున్న పెద్ద అసంతృప్తి మాత్రం తల్లి గురించి. ఈ కథల్లో మాట్లాడేది ఆయనొక్కడే. వారం రోజులు నిద్రలేక, పాలు పడక, తల్లిగారింట్ల అందరి మాటలు పడుతూ ఆమె వింటనే ఉంటది. దూరంగా ఉన్న తండ్రి ప్రేమ పాఠకుణ్ని ఏడిపిస్తది, దగ్గరుండి పియ్యి ఎత్తేసే తల్లి కథలో లేకుండా పోతది. దీన్ని తప్పించుకోవడానికి ఆమెచేత కూడా మెసేజ్‌లు పెట్టిస్తే సరిపోదు, అప్పుడది మామూలు ప్రేమలేఖల కథ అయిపోతది. ఆయన మాటల్లోనే ఆమె జవాబు వినపడాలి. ‘అట్ల కోపం జెయ్యకు మరి’ అని ఆయన మొదలుపెడితే ఆమె ఏదో అన్నట్టే. రెండు రోజులు మైకు బొమ్మ నీలం కాకపోతే అది కూడా ఆమె మాటే. 2021లో మెసేజ్‌ను రెండింతల వేగంతో వినే వీలు వచ్చింది. మొగని గొంతును ఆమె వేగం పెంచి వింటున్నదని అతనికి ఎట్లనో తెలిసిందనుకోండి, ఆ ఒక్క సంగతి మీద ఒక మెసేజంతా నడపొచ్చు.

ఇవన్నీ దాచేదెవరన్నది మిగిలింది. ఇరవయ్యొకటో రోజు తొట్టెల కట్టి పేరు పెడతరు, ఆయన రాలేడు. పేరును మెసేజ్‌లోనే పలుకుతడు. ఆ మెసేజ్ ఉన్నది బామ్మర్ది ఫోన్లో. ఆ ఫోను నిండిపోయినప్పుడు, పగిలినప్పుడు, అమ్మినప్పుడు, బిడ్డ పేరును అయ్య మొదటిసారి పలికిన ఆ గొంతు కూడా పోతది. కథ రాసేవాళ్లు ఆ ఫోను ఎవరి చేతిలో, ఏ స్థితిలో ఉన్నదో చివరిదాక గుర్తు పెట్టుకోవాలి.