ఏ చందాదారు ఎంతకాలం ఉంటాడు?

యానాం నుంచి వచ్చి పుదుచ్చేరి టౌన్లో స్థిరపడిన మిత్రుడొకడు ఇళ్లకు నెలవారీ చందా మీద రొట్టె వేస్తాడు. మొన్న లెక్కల పుస్తకం ముందు పెట్టి, "ప్రకటనలు పెంచెయ్యమంటావా?" అన్నాడు. అతని అసలు అంకెలు బయటపెట్టను. తీరు అదే కాబట్టి రౌండు అంకెలతో చెబుతాను.

నెల చందా 600. పిండి, వెన్న, గ్యాసు, డెలివరీ కుర్రాడి జీతం పోగా మిగిలేది 200. నెలకు 30,000 ఖర్చుపెడితే 60 మంది కొత్తవాళ్లు వస్తారు, అంటే మనిషికి 500. నెలనెలా నూటికి పది మంది మానేస్తారు కాబట్టి సగటున ఒకరు పది నెలలుంటారు, 2,000 మిగులుస్తారు. అయిదొందలు పెడితే రెండు వేలు! ఇంకేం కావాలి?

ఈ సగటును నేను నమ్మను. ఆ 60 మందిలో 40 మంది ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన చూసి వచ్చారు, వాళ్ల మీద అయిన ఖర్చు 28,000. మిగతా 20 మంది పక్కింటివాళ్లు చెబితే వచ్చారు. వాళ్లకైన ఖర్చు ఉచితంగా ఇచ్చిన రొట్టెలే, 2,000. అంటే ఒకరికి 700, మరొకరికి 100.

ప్రకటన చూసి వచ్చేవాళ్లలో అద్దె గదుల్లో ఉండే విద్యార్థులు, కొన్నాళ్ల పని మీద వచ్చినవాళ్లు ఎక్కువ. నెలకు నూటికి పాతిక మంది మానేస్తారు. సగటు ఆయుష్షు నాలుగు నెలలు, మిగిలేది 800. లాస్‌పేటలో సొంతిల్లున్న కుటుంబాలు పక్కింటి మాట మీద చేరితే నూటికి అయిదుగురే పోతారు. పాత చందాదారుల్లో వీళ్లే ఎక్కువ కాబట్టి మొత్తం లెక్కలో పది శాతమే కనిపించి, ప్రకటనల బలహీనతను కప్పేస్తోంది.

ఏడొందలు పెట్టి ఎనిమిదొందలు రాబట్టినా లాభమే కదా అన్నాడు. ఎప్పుడు రాబడతావన్నదే చిక్కు. నెలకు 200 చొప్పున మూడున్నర నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుందనిపిస్తుంది. కానీ వందమంది రెండో నెలకు 75, మూడో నెలకు 56, నాలుగో నెలకు 42 అయిపోతారు. ఉన్నవాళ్ల చందాలే కూడుకుంటూ పోతే పెట్టింది తిరిగొచ్చేది ఎనిమిదో నెలలో. అంతదాకా వెన్న బాకీ ఎవరు తీరుస్తారు?

అటువైపూ ఒక జాగ్రత్త ఉంది. నూటికి అయిదుగురే మానేస్తే సగటున 20 నెలలుంటారని సూత్రం చెబుతుంది. వ్యాపారం మొదలై ఏడాదే అయింది, 20 నెలలున్న మనిషిని అతను చూడనే లేదు. ఏడాది వరకే లెక్కవెయ్యమన్నాను: 4,000 కాదు, సుమారు 1,840. వంద ఖర్చుకు అదీ చాలా ఎక్కువే. అందుకే ప్రకటన డబ్బులో సగం తీసి, పొరుగువాళ్లను చేర్పించిన ఇంటికి ఒక వారం రొట్టె ఉచితంగా ఇమ్మన్నాను. అలా చేరేవాళ్లు కూడా నూటికి అయిదుగురే మానేస్తారో లేదో తెలియాలంటే, వాళ్ల పేర్లు పుస్తకంలో వేరే పేజీలో రాయాలి.