చేయి తిరిగిన పనే ముందు వదలాలి

రెండేళ్ల కిందట ఏప్రిల్ అప్రైజల్ అయ్యాక నన్ను టీమ్ లీడ్‌ని చేశారు. నాతో కలిపి ఏడుగురం. మాది సెటిల్‌మెంట్ సర్వీసు. దుకాణదారుడికి కార్డు మీదా, యూపీఐ మీదా వచ్చిన సొమ్ము మర్నాడు అతని ఖాతాలో పడాలి. పడేముందు బ్యాంకు పంపిన ఫైలులో లెక్క, మా దగ్గరున్న లెక్క పైసాతో సహా సరిపోయిందా అని చూడాలి. ఆ సరిచూసే కోడ్‌లో ఎక్కువ భాగం నాలుగేళ్లుగా నేను రాస్తూ వచ్చిందే. లీడ్ అయ్యాక కొత్త పనులు చాలా వచ్చి చేరాయి. పాతది ఒక్కటీ పోలేదు. దేన్ని వదలాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మే నెలలో పాక్షిక రీఫండ్ల పని వచ్చింది. వెయ్యి రూపాయల కొనుగోలులో మూడు వందలు మాత్రమే వెనక్కి ఇస్తే, కమీషన్ ఎంత తగ్గాలి, ఏ రోజు లెక్కలో తగ్గాలి అన్న చిక్కు ఉంటుంది అందులో. నాకు ఆ మూలలన్నీ తెలుసు. మూడు రోజుల పని అనుకుని టికెట్ నా పేరు మీద వేసుకున్నాను. ఆ అంచనా తప్పు కాదు. కాకపోతే ఆ మూడు రోజులూ తెగకుండా దొరకాలి. లీడ్‌కి అలాంటి రోజులు దొరకవు. పదకొండింటికి ఇంటర్వ్యూ, పన్నెండున్నరకు ప్లానింగ్, మూడింటికి బ్యాంకు వాళ్లతో కాల్. మధ్యలో మిగిలిన అరగంటలో పాత ఆలోచన ఎక్కడ ఆగిందో గుర్తు తెచ్చుకునేసరికి తర్వాతి మీటింగ్ వచ్చేది. రెండు వారాల స్ప్రింట్ మొత్తం దానికే పోయింది. నేను రాయాల్సిన ఆ ఒక్క భాగం మీద ఆధారపడి రిపోర్టులు రాసే అబ్బాయి, దుకాణదారులకు సందేశాలు పంపే భాగం చూసే అమ్మాయి, ఇద్దరూ ఆగిపోయారు.

వాళ్లు నన్ను ఒక్క మాట అడగలేదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఇంకెవరి టికెట్ అయినా మూడు రోజులు కదలకపోతే పొద్దున స్టాండప్‌లో నేను అడుగుతాను. నా టికెట్ కదలకపోతే అడిగే మనిషి ఆ గదిలో లేరు.

ఆ స్ప్రింట్ ముగిసిన శుక్రవారం సాయంత్రం కూర్చుని ఈ కమాండ్ వేశాను:

```
git shortlog -sn --since="6 months ago" HEAD -- settlement/
```

ఆ ఫోల్డర్‌లో ఆరు నెలల్లో ఎవరెవరు ఎన్ని మార్పులు చేశారో ఇది వరుసగా చూపిస్తుంది. మూడింట రెండొంతులు నా పేరు మీదే ఉన్నాయి. రెండో పేరుకీ నాకూ చాలా దూరం. ఇంజినీరుగా ఉన్నప్పుడు ఆ వరుస చూసి సంతోషపడేదాన్ని. లీడ్‌గా చూస్తే, నేను పది రోజులు జ్వరంతో మంచం పడితే ఆ ఫోల్డర్‌లో పని ఆగిపోతుందని చెబుతోంది.

అప్పటికి నేను కొన్ని పనులు ఇతరులకు అప్పగించకపోలేదు. కానీ ఏవి ఇచ్చానో చూడండి: నాకు రానివి, నాకు విసుగు పుట్టించేవి. డాష్‌బోర్డులు, కొత్తగా వచ్చిన మెసేజ్ క్యూ, సర్వర్ల ఖర్చు లెక్కలు. వాటిలో ఏదైనా తేడా వస్తే పసిగట్టే జ్ఞానం నాకు లేదు. బాగా వచ్చిన పనిని మాత్రం గుప్పిట్లో పెట్టుకున్నాను. ఇంటెల్‌ను చాలా ఏళ్లు నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో వచ్చిన ‘హై ఔట్‌పుట్ మేనేజ్‌మెంట్’లో దీనికి సరిగ్గా ఎదురు మాట చెప్పాడు. ఏ పని అప్పగించాలో ఎంచుకునే వీలుంటే బాగా తెలిసిన పనినే అప్పగించమంటాడు. ఆ పని ఎలా సాగుతోందో కనిపెట్టి చూడడం మనకు తేలిక కాబట్టి. అప్పగించాక చూడడం మానేస్తే అది బాధ్యత వదిలేయడమే అవుతుందని కూడా అంటాడు. మొదటిసారి చదివినప్పుడు నాకది మింగుడుపడలేదు. నాలుగేళ్లు చెమటోడ్చి రాసిన కోడ్‌ను ముందు వదలాలంటే ఎలా అనిపిస్తుంది? కానీ మే నెల తర్వాత ఆ మాట నిజమని ఒప్పుకున్నాను.

కాబట్టి సెటిల్‌మెంట్ కోడ్‌లో, వేరొకరి పని ఆధారపడే ఏ టికెట్టూ నేను తీసుకోకూడదనుకున్నాను. కోడ్ రాయడం మానలేదు. అప్పుడప్పుడు కారణం లేకుండా ఫెయిలయ్యే టెస్టులు, లాగ్‌లలో సరిగా అర్థంకాని సందేశాలు, ఆలస్యమైనా ఎవరి చేయీ ఆగని చిన్న బగ్‌లు నాకు ఉంచుకున్నాను.

రివ్యూల దగ్గర వదలడం ఇంకా కష్టమైంది. అప్పటిదాకా ప్రతి మార్పూ నా ఆమోదంతోనే వెళ్లేది. ఒకరోజు రాత్రి ఒక అబ్బాయి కోడ్ నచ్చక, వ్యాఖ్యలు రాసే ఓపిక లేక, అతని బ్రాంచ్ మీదే దాదాపు మూడు వందల లైన్లు నేనే తిరగరాసి పంపాను. పొద్దున అతను ‘థ్యాంక్స్ అక్కా’ అన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు ఏ పని ఇచ్చినా ముందే వచ్చి ‘ఎలా రాయమంటారు అక్కా?’ అని అడిగేవాడు. అంతకుముందు తనే ఒక దారి ఆలోచించుకుని వచ్చే మనిషి. ఈ గుర్తును కొత్త లీడ్‌లు పట్టుకోవాలి. మనుషులు ఆలోచనలతో రావడం మానేసి ప్రశ్నలతో మాత్రమే వస్తున్నారంటే, మనం వదిలామని చెప్పిన పని ఇంకా మన చేతిలోనే ఉందన్నమాట.

రిపాజిటరీలో CODEOWNERS అనే ఫైలు ఉంటుంది. ఏ భాగంలో మార్పు వస్తే ఎవరిని రివ్యూ అడగాలో అందులో రాస్తారు. మా దాంట్లో ఒకే వరుస, అందులో నా ఒక్క పేరు ఉండేది. దాన్ని ఇలా మార్చాం:

```
*                 @org/settlement-team
/db/migrations/   @lead @senior-dev
```

ఒక ఫైలుకు రెండు వరుసలూ సరిపోతే కింది వరుసదే చెల్లుబాటు. ఒకే వరుసలో ఇద్దరి పేర్లుంటే ఎవరో ఒకరి ఆమోదం చాలు. అంటే మామూలు మార్పుల్ని టీమ్‌లో ఎవరైనా చూసి పంపవచ్చు. డేటాబేస్ పట్టికల రూపం మారినప్పుడు మాత్రం నేనో, మా సీనియరో చూడాలి. దానితో పాటు పైసల లెక్కలు, వేరే టీమ్‌లకు మేం ఇచ్చిన ఇంటర్‌ఫేస్‌లు మారితే నన్ను పిలవమన్నాను. ఈ మూడింటినే ఎందుకు ఉంచుకున్నానంటే, తప్పు జరిగితే వెనక్కి తిప్పడం చాలా ఖరీదు. పేరు బాగాలేని ఫంక్షన్‌ను రేపు మార్చుకోవచ్చు. తప్పుగా గుండ్రం చేసిన కమీషన్ వేల మంది ఖాతాల్లో పడ్డాక దిద్దడం వారాల పని.

చివరికి మిగిలింది రాత్రి రిలీజులు. ప్రొడక్షన్ డేటాబేస్ మీద చేయి పెట్టే పని నాలుగేళ్లుగా నాదే. టీమ్‌లో మూడేళ్ల అనుభవమున్న అమ్మాయి ఒకరోజు అంది: ‘అక్కా, ఈసారి నేను చేస్తా. మీరు పక్కన కూర్చోండి చాలు.’

పెద్ద పట్టిక మీద కొత్త ఇండెక్స్ కట్టాలి. మాది పోస్ట్‌గ్రెస్. మామూలు `CREATE INDEX` వేస్తే అది పూర్తయ్యేదాకా ఆ పట్టికలో కొత్త వరుసలేవీ రాయలేం. చెల్లింపులు ఆగిపోతాయి. అందుకే `CREATE INDEX CONCURRENTLY` వాడాలి. ఇది నెమ్మది, కానీ రాతలను ఆపదు. మొదలుపెట్టే ముందు ఇద్దరం ఒక మాట అనుకున్నాం. చెల్లింపుల రాతలు ఆగినా, సొమ్ము వివరాలు మారే సూచన కనిపించినా కీబోర్డ్ నాకు ఇవ్వాలి. మిగతా ఏం జరిగినా నేను నోరు మెదపకూడదు.

మొదట్లోనే ఎర్రర్ వచ్చింది:

```
ERROR: CREATE INDEX CONCURRENTLY cannot run inside a transaction block
```

మా మైగ్రేషన్ టూల్ ప్రతి మార్పునూ ట్రాన్సాక్షన్‌లో చుట్టి నడుపుతుంది. ఈ ఒక్క ఫైలుకు దాన్ని ఆపాలని నాకు తెలుసు. ఒక్క లైను పని. చెప్పలేదు. ఆమె ఎర్రర్ చదివింది, టూల్ డాక్యుమెంటేషన్ వెతికింది, పావుగంటలో తనే దిద్దింది. మళ్లీ నడిపితే ఇండెక్స్ ఎంతకీ పూర్తికాలేదు. ఎక్కడో ఒక పెద్ద రిపోర్ట్ క్వెరీ అప్పటికే నడుస్తోంది. తనకంటే ముందు మొదలైన అలాంటి ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా ఈ ఇండెక్స్ ఎదురుచూస్తుంది. ఆమె కంగారుపడి ఆపేసింది. ఇలా మధ్యలో ఆపితే సగం కట్టిన ఇండెక్స్ పట్టిక మీదే మిగిలిపోతుంది. వెతుకులాటకు పనికిరాదు, ప్రతి రాతకూ మాత్రం భారమవుతుంది. అప్పుడు నా గుండె వేగంగా కొట్టుకుంది. కానీ చెల్లింపులు నడుస్తున్నాయి, సొమ్ముకు ఏమీ కాలేదు. మేం అనుకున్న గీత దాటలేదు. చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. ఆమె `\d` వేసి చూసింది, ఇండెక్స్ పక్కన INVALID అన్న మాట పట్టుకుంది. `DROP INDEX CONCURRENTLY`తో దాన్ని తీసేసి, రిపోర్ట్ ముగిశాక మళ్లీ కట్టింది.

నేనైతే ఇరవై నిమిషాల్లో ముగించే పని. ఆమెకు గంటన్నర పట్టింది. మర్నాడు పొద్దున ఆమె రన్‌బుక్‌లో మూడు వాక్యాలు చేర్చింది: ట్రాన్సాక్షన్ ఆపమని, ముందు పెద్ద క్వెరీలు నడుస్తున్నాయా చూడమని, ఆపితే INVALID ఉందేమో వెతకమని. ఆ మూడూ నాకు నాలుగేళ్లుగా తెలుసు. ఎక్కడా రాయలేదు. నేనే చేస్తున్నంతకాలం రాయాల్సిన అవసరం రాలేదు.

వదలకూడనివీ ఉన్నాయి. జీతాల, పనితీరు సంభాషణలు లీడే చేయాలి. పక్క టీమ్ నుంచి అన్యాయమైన గడువు వస్తే కుదరదని చెప్పాల్సిందీ లీడే. ఆన్‌కాల్‌లో ఏడు వారాలకొకసారి వచ్చే నా వంతును కూడా వదల్లేదు. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే ఏ అలర్ట్ పనికిమాలినదో, ఏ కోడ్ కుళ్లిపోతోందో ఒంటికి తెలుస్తుంది. ఆ తెలివి లేకుండా ఇతరుల అంచనాల మీద తీర్పు చెప్పడం నాకు తప్పనిపిస్తుంది. ఇద్దరు ముగ్గురే ఉన్న టీమ్‌లో కోడ్ వదలడం గురించి నేను చెప్పినవేవీ సరిగా వర్తించవు. అక్కడ లీడ్ ముఖ్యమైన కోడ్ రాయక తప్పదు. అలాంటప్పుడు మీటింగులను ఒకే పూటకు కుదించి, రెండో పూట కోడ్‌కు ఉంచుకోవడమే దారి.

గత నెల అదే git కమాండ్ మళ్లీ వేశాను. settlement/ ఫోల్డర్‌లో నా పేరు ఐదోది. మొదటి పేరు, ఒకప్పుడు ‘ఎలా రాయమంటారు అక్కా’ అని అడిగిన అబ్బాయిది.