నోటు వెనక చెల్లు

కోర్టులో కేసు కట్ట కనబడకుండా పోవడం వింతేమీ కాదు. కాపీయింగ్ సెక్షన్‌కి వెళ్లిన కట్ట బెంచ్ క్లర్కు బల్ల మీదికి తిరిగి రాదు. ఒక దావాలో వేసిన ఐఏ మరో దావా కట్టలో కలిసిపోతుంది. కోర్టును కొత్త భవనంలోకి మార్చినప్పుడు ఏ బీరువాలోది ఎక్కడికి చేరిందో ఎవరికీ తెలియదు. వాయిదా రోజున కేసు పిలిస్తే ‘కట్ట వెతుకుతున్నామండీ’ అంటారు. కొన్నాళ్లకు వెతకడమూ ఆగిపోతుంది. అప్పుడు మిగిలిన కాగితాలతో రికార్డును మళ్లీ తయారుచేయమని కోర్టును అడగాలి. ఆ పని ఎలా చేయాలో మా ఆఫీసులో ఒక జూనియర్ అమ్మాయి ఒక నోటు దావాలో నేర్చుకుంది.

దావా మామూలుదే. 2009 జూన్ 12న ప్రతివాది లక్షన్నర తీసుకుని ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. అలాంటి నోటు మీద దావాకు మూడేళ్లు గడువు. అంటే 2012 జూన్ 12తో కాలదోషం పట్టేస్తుంది. మా క్లయింటు దావా వేసింది 2014లో. ఆ దావాను నిలబెట్టేది నోటు వెనకున్న చెల్లు ఒక్కటే. 2012 మే 28న ఐదు వేలు జమ అని, కింద ప్రతివాది సంతకం. గడువు తీరకముందే కొంత కట్టి, కట్టినట్టు తన సంతకంతో ఒప్పుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ చెప్పేది అదే. ఆ చెల్లు తాను వేయలేదని ప్రతివాది జవాబు దావాలో అన్నాడు. వాది సాక్ష్యంలో నోటు ఎ-1గా, దాని వెనకున్న చెల్లు ఎ-2గా మార్కయ్యాయి. ఆ తర్వాత అసలు నోటుతో సహా కట్ట మాయమైంది.

రికార్డు పునర్నిర్మాణానికి పిటిషన్ తయారుచేసే పని జూనియర్‌ది. మా ఆఫీసు ఫైల్లో ప్లెయింటు, జవాబు దావా, సాక్షుల వాంగ్మూలాల కాపీలు ఉన్నాయి. నోటు జిరాక్సూ ఉంది కానీ ముందు వైపు మాత్రమే. వెనక వైపు తీసిన జిరాక్సు మా దగ్గర లేదు.

ఆమె దానికో దారి ఆలోచించుకుని వచ్చింది. “చెల్లులో ఏముందో ప్లెయింట్లో పూర్తిగా రాశాం కదా సార్. దాన్నే టైపు చేసి ఎ-2కి నకలుగా పెడతాను. ప్రతివాది వకీలు ‘నో ఇన్‌స్ట్రక్షన్స్’ అని ఎప్పుడో చెప్పేశారు. ఆ మనిషి కూడా రావడం మానేశాడు. నోటీసంటూ మొదలుపెడితే మళ్లీ వాయిదాలే.”

ఆమె మోసం చేయాలనుకోలేదు. తనకు తెలిసింది నిజమేనని నమ్మింది. నిజం మన దగ్గరే ఉన్నాక ఇంకొకర్ని పిలవడం దండగ అనుకుంది. ఈ వృత్తిలో అన్యాయాలు చాలావరకు జరిగేది ఇలాంటి నమ్మకంతోనే.

“నువ్వు ఆ చెల్లు కళ్లారా చూశావామ్మా?” అని అడిగాను. చూడలేదంది. చూడని కాగితానికి నకలని సంతకం ఎలా పెడతావన్నాను. ఉన్నవాటి జాబితా, లేనివాటి జాబితా విడివిడిగా రాయించి, ప్రతివాది ఇంటి చిరునామాకే నోటీసు ఇవ్వమని కోర్టును అడిగాం.

నోటీసు పొందే హక్కు అతనికి ఉందా అన్నది ఆమె అసలు సందేహం. రావడం మానేసిన వాడిని మళ్లీ మనమెందుకు పిలవాలి? 1955లో సంగ్రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. కొన్ని వాయిదాలకు రాని మనిషి తరఫున వకీలు వచ్చి నిలబడితే ఎన్నికల ట్రిబ్యునల్ ఇక పాల్గొనడానికి వీల్లేదంది. అది తప్పని జస్టిస్ వివియన్ బోస్ తీర్పు రాశారు. రాని రోజుల్లో జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పమని అతను హక్కుగా అడగలేడు. కానీ వచ్చిన రోజు నుంచి జరిగేదాంట్లో అతనికి చోటుంది. పోయిన రికార్డును మళ్లీ కట్టడం జరిగిపోయిన పని కాదు, ఇప్పుడు జరుగుతున్న పని.

నోటీసు అందుకుని ప్రతివాది వచ్చాడు. సంచీలోంచి దావా సమనుతో పాటు తనకు అందిన కాగితాలు తీశాడు. వాటిలో నోటుకు రెండు వైపుల జిరాక్సూ ఉంది. జూనియర్ ఆ రెండో పేజీని చూస్తూ ఉండిపోయింది. తేదీలో నెల అంకె దిద్ది ఉంది. ముందు రాసిన 8 మీద గట్టిగా 5 రుద్దినట్టు జిరాక్సులో కూడా తెలుస్తోంది. పక్కన పొట్టి సంతకం లేదు. ఆ నెల మే అయితే దావా గడువులో ఉన్నట్టే. ఆగస్టు అయితే, ఆ ఐదు వేలు నిజంగా కట్టినా సరే, గడువు తీరాక కట్టినట్టే. అప్పుడు దావా నిలబడదు.

ఆమె టైపు చేయబోయిన నకల్లో ‘28-5-2012’ అని శుభ్రంగా ఉండేది. ప్లెయింట్లో ఉన్నదీ అదే కాబట్టి ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. కానీ అసలు తగువంతా ఉన్న దిద్దుడు ఆ నకల్లో కనబడదు. ఆ నకలు మీద డిక్రీ పొందాక, ప్రతివాది ఈ జిరాక్సు పట్టుకుని అప్పీలుకు వెళితే ఏమయ్యేది? డిక్రీ పోయేది, కేసు మళ్లీ మొదటికొచ్చేది. అంతకన్నా ఘోరం, దిద్దుడును మేమే దాచామని అందరూ అనుకునేవారు.

జడ్జిగారు రెండు పక్షాల కాగితాలనూ కోర్టు ఎ డైరీతో, సూట్ రిజిస్టరుతో సరిపోల్చారు. ప్రతి కాగితం మీదా ఇద్దరి చేతా ‘సరే’ అని రాయించారు. అసలు పోయినప్పుడు నకలును సాక్ష్యంగా తీసుకోవచ్చని అప్పటి సాక్ష్య చట్టం 65వ సెక్షన్ చెప్పేది కాబట్టి ప్రతివాది తెచ్చిన జిరాక్సునే ఎ-2 స్థానంలో ఉంచారు. ఒక్కటి మాత్రం తిరిగి రాలేదు. దస్తూరి నిపుణుడు సిరా చూడాలి, కలం ఒత్తిడి చూడాలి. జిరాక్సులో అవి ఉండవు. ఆ అవకాశం ఇద్దరికీ పోయింది. అందుకని చెల్లు రాసిన మనిషిని మళ్లీ బోనులోకి పిలిచారు.

నెల పొరపాటున రాసి అక్కడే దిద్దానని అతను చెప్పాడు. మామిడికాయలు అమ్మిన డబ్బులోంచే ప్రతివాది ఐదు వేలు తెచ్చాడని కూడా చెప్పాడు. ప్రతివాది కొత్త వకీలు అడగాల్సినవన్నీ అడిగాడు. పొట్టి సంతకం ఎందుకు పెట్టించలేదని, దిద్దింది ఎవరి కలంతోనని గుచ్చిగుచ్చి అడిగాడు. తర్వాత బోనెక్కిన ప్రతివాది తనకు మామిడితోట ఉన్నట్టు, కాపు మేలోనే అమ్మినట్టు ఒప్పుకున్నాడు. ఆగస్టులో మామిడి డబ్బు చేతికి రాదు. జడ్జిగారు రాతగాడి మాట నమ్మి దావా డిక్రీ చేశారు.

మా క్లయింటు గెలిచాడని ఈ కథ చెప్పడం లేదు. రాతగాడు బోనులో తడబడి ఉంటే ఓడేవాడు, ఆ ఓటమీ న్యాయంగానే ఉండేది. ఎదుటి మనిషికి నోటీసు ఇవ్వడం అతనికి చేసే ఉపకారమని జూనియర్లు అనుకుంటారు. నిజానికి మన కాగితంలో మనకు కనబడనిది చూడగలిగేది ఆ ఒక్కడే, చూడాలన్న పట్టుదల ఉండేదీ అతనికే. అతన్ని పిలవకుండా పొందిన డిక్రీ నిజమైనదే కావచ్చు, కానీ నిజమని ఎవరూ పరీక్షించి ఉండరు. 1980లో ఎస్.ఎల్. కపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే దారిలో ఉంది. వినకపోవడమే నష్టం, దానివల్ల వేరే నష్టం జరిగిందని విడిగా రుజువు చేయనక్కర్లేదు. విన్నా ఫలితం మారేది కాదని చెప్పే హక్కు, వినకుండా నిర్ణయించిన వాడికి ఉండదు.