పాత్ర శోకం, పాఠకుడి శోకం: తరగతి గదిలో ‘చివరకు మిగిలేది’

శోకం కేంద్రంగా నడిచే నవలను తరగతిలో చర్చకు తీసుకున్న అధ్యాపకుడికి ఎదురయ్యే ప్రధానమైన చిక్కును భారతీయ అలంకారికులు వెయ్యేళ్ల కిందటే గుర్తించారు. భరతుడి నాట్యశాస్త్రానికి ‘అభినవభారతి’ అనే వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు రసాస్వాదానికి అడ్డువచ్చే ఏడు విఘ్నాలను చెప్పి, వాటిలో ఒకదానికి ‘నిజసుఖాది వివశీభావం’ అని పేరు పెట్టాడు. అంటే ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు లోబడిపోయి ఎదుట జరుగుతున్న దానిని చూడలేకపోవడం. కరుణరసానికి స్థాయిభావం శోకమే అయినప్పటికీ, ఆ శోకం ఫలానా వ్యక్తిది అన్న హద్దు చెరిగి అందరికీ అనుభవయోగ్యమైనప్పుడే, అంటే సాధారణీకరణం జరిగినప్పుడే, అది రసమవుతుంది.

సొంత గాయమే కథగా ఎదుటికి వచ్చినప్పుడు ఏమవుతుందో భవభూతి ‘ఉత్తరరామచరితం’ మొదటి అంకంలో చూపాడు. వనవాస ఘట్టాల చిత్రాలను లక్ష్మణుడు ఒక్కొక్కటిగా వివరిస్తూ ఉండగా, అవి తన జీవితమే కావడంతో రాముడు మళ్లీ ఆనాటి వియోగంలోకి జారిపోయి, ఇక ఆపమని కోరుతాడు. లక్ష్మణుడు కారణం అడగకుండా ఆపుతాడు. తరగతిలో కొందరు నాటకం చూస్తున్న ప్రేక్షకుల స్థానంలో ఉంటే, మరికొందరు చిత్రపటం ముందు నిలిచిన రాముడి స్థానంలో ఉంటారు. ఎవరు ఎక్కడున్నారో బయటికి తెలియదు కనుక, చర్చ ఇద్దరికీ సరిపడేలా సాగాలి.

వికారాబాద్, తాండూరు ప్రాంతంలో ఈ చిక్కు మరింత దగ్గరగా కనిపించే నవల బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. 1946-47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవలలో కథానాయకుడు దయానిధి వైద్యుడు. తల్లి మరణం, ఆమె నడవడిక గురించి లోకం వేసిన నింద అతన్ని జీవితమంతా వెంటాడుతాయి. భార్య ఇందిర క్షయతో మరణిస్తుంది. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండపై ఉన్న టీబీ దవాఖాన ఈ జిల్లా విద్యార్థులు ఎరిగిన చోటు; తాండూరులో నాపరాతి గనుల్లోనూ పాలిషింగ్ యూనిట్లలోనూ పనిచేసే కుటుంబాలకు దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కొత్త కాదు. అందువల్ల ఇక్కడ ఇందిర దగ్గు కొందరికి కేవలం కథలోని దగ్గుగా వినిపించకపోవచ్చు.

కాబట్టి చర్చ నవల తెరవకముందే మొదలవుతుంది. తల్లి మరణం, కుటుంబంపై నింద, భార్య జబ్బు ఈ కథలో ఉన్నాయని అధ్యాపకుడు మొదటి పీరియడ్‌లోనే రెండు మూడు మాటల్లో చెప్పి, ఏ రోజు ఏ ఘట్టం చర్చకు వస్తుందో ముందుగా తెలియజేసి, కారణం చెప్పనవసరం లేకుండా ఆ గంటను గ్రంథాలయంలో గడిపే వీలు, దానికి బదులుగా మరో భాగంపై రాసే వీలు కల్పించాలి. ఈ వీలును తరగతి మొత్తానికి ఒకేలా ప్రకటించాలి తప్ప, ఇంట్లో విషాదం జరిగిందని తెలిసిన విద్యార్థిని పక్కకు పిలిచి ఇవ్వకూడదు. అలా పిలవడమే ఆ విద్యార్థి అందరి కళ్లలో పడేలా చేస్తుంది.

తరువాతి మెళకువ ప్రశ్న వేసే తీరులో ఉంది. ‘దయానిధి తల్లి తప్పు చేసిందా?’ అని అడిగితే తరగతి పంచాయితీగా మారిపోతుంది. నవలలో లోకం ఆమెపై చేసిన పనినే విద్యార్థులు మళ్లీ చేస్తారు, ఇంట్లో అలాంటి నిందను మోస్తున్నవారు తలవంచుకుంటారు. ‘మీరే ఆ స్థితిలో ఉంటే?’ అన్న ప్రశ్న సానుభూతితో అడిగినట్టే ఉంటుంది కాని, అది విద్యార్థి సొంత జీవితాన్ని బోనులో నిలబెడుతుంది. దానికి బదులు ‘ఈ తల్లి గురించి మనకు తెలిసిన ఒక్కొక్క సంగతి ఎవరి నోట తెలిసింది?’ అని అడిగి, నల్లబల్లపై రెండు వరుసలు గీసి, ఒకవైపు చెప్పిన మాటను, మరోవైపు చెప్పిన మనిషిని రాయించాలి. వరుసలు నిండేకొద్దీ ఆమెపై మోపిన నిందలో ఎక్కువ భాగం ఇతరుల మాటేననీ, తన పక్షాన చెప్పుకునే అవకాశం ఆమెకు దక్కలేదనీ విద్యార్థులే పట్టుకుంటారు. ఆ తరువాతే ‘ఇంతమంది మాటల మధ్య కొడుకు శోకానికి చోటెక్కడ దొరికింది?’ అన్న ప్రశ్న వేయాలి. అప్పుడు దయానిధిని బాధిస్తున్నది మరణం ఒక్కటే కాదనీ, సిగ్గుతో కలిసిపోయినందువల్ల బయటికి రాలేని దుఃఖమనీ తేలుతుంది. ఈ క్రమానికి శాస్త్రంలోనూ ఆధారముంది: సొంత దుఃఖంలో మునిగిన ప్రేక్షకుడి మనసును నాటకం వైపు తిప్పేవి గానం, వాద్యం, రంగమండప శోభ వంటివని అభినవగుప్తుడు చెప్పాడు, నవలకు సంబంధించినంతవరకు ఆ పని చేసేది కథనశిల్పంపై నిలిపే దృష్టి.

ఇందిర ఘట్టంలో మరొక జాగ్రత్త అవసరం. నవల రాసిన కాలానికి క్షయకు పనిచేసే మందులు ఇంకా జనానికి అందలేదు; ఇప్పుడు సాధారణ క్షయ ఆరు నెలల పాటు మందులు క్రమంగా వాడితే నయమవుతుంది, ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తుంది. ఈ రెండు వాక్యాలు చెప్పకుండా ముందుకు సాగితే, ఇంట్లో రోగి ఉన్న విద్యార్థి కథ ముగింపును తన ఇంటి భవిష్యత్తుగా చదువుకునే ప్రమాదముంది.

ఎంత జాగ్రత్తపడినా, ఎవరో ఒకరు చర్చ మధ్యలో తమ ఇంటి సంగతి చెప్పవచ్చు. అప్పుడు వివరాలు అడగకూడదు, ‘కాలమే మరిపిస్తుంది’ అన్న ఓదార్పుతో దాన్ని మూసేయకూడదు, ఆ మాటను నవలకు ఉదాహరణగా వాడకూడదు. చెప్పినందుకు గౌరవం తెలిపి, కాసేపు ఆగి, ‘ఇక్కడే ఉంటారా, బయట కూర్చుంటారా’ అన్న ఎంపికను వారికే వదిలి, తరగతి ముగిశాక విడిగా మాట్లాడాలి. మౌనాన్ని కూడా చదవడం నేర్చుకోవాలి: కళ్లు పుస్తకంపై ఉండి, పుటలు వెనక్కు తిరుగుతుంటే అది ఆలోచన, చూపు ఎక్కడో నిలిచిపోయి, పేరు పెట్టి పిలిచినా ఆలస్యంగా పలికితే ప్రశ్నలు ఆపవలసిన సమయం వచ్చిందని అర్థం.

ఒక్కోసారి తరగతి మొత్తం ఇలా మౌనంలో పడవచ్చు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 1984లో షొషానా ఫెల్మన్ నడిపిన సాహిత్య తరగతి, యూదుల ఊచకోత నుంచి బతికి బయటపడినవారి వీడియో సాక్ష్యాలు చూశాక చెదిరిపోయింది. విద్యార్థులు తరగతిలో మూగబోయి, బయట మాత్రం అదే విషయాన్ని ఆపలేకుండా మాట్లాడుకున్నారు. ఆమె వారి ప్రతిస్పందనలనే వారికి తిరిగి వినిపించి, చివరికి తాము చూసిన దానిపై రాయమంది. ఇక్కడి తరగతికి అందులోంచి తీసుకోదగినది ఆ చివరి మెట్టు. ప్రతి పీరియడ్‌లో ఆఖరి పది నిమిషాలు రాతకు కేటాయించి, ‘ఈ రోజు చదివిన భాగంలో ఎవరికి మాట దక్కలేదు?’ వంటి ఒక్క ప్రశ్న ఇవ్వాలి. సొంత అనుభవం రాసినందుకు మార్కులు పెరగవని, రాయనందుకు తగ్గవని ముందే చెప్పాలి.

ఆ కాగితాల్లో ఆత్మహత్య ఆలోచనగాని, ఇంట్లో హింసగాని కనిపిస్తే అది సాహిత్య విషయం కాదు. దాన్ని రహస్యంగా దాచుకోవడం అధ్యాపకుడి పని కూడా కాదు. విద్యార్థితో అదే రోజు మాట్లాడి, కళాశాలలో బాధ్యత గలవారికి తెలిపి, టెలి మానస్ ఉచిత నంబరు 14416కు చేర్చాలి. మిగిలిన కాగితాలలో చర్చ ఫలించిందో లేదో చూడడానికి ఒక గుర్తు ఉంది. మొదటి వారం ‘తల్లి చెడ్డది’, ‘పాపం దయానిధి’ అని తీర్పులు రాసినవారు, చివరి వారానికి ‘ఈ సంగతి ఫలానా పాత్ర చెప్పింది, తల్లి చెప్పలేదు’ అని రాయగలిగితే, వారు మరొకరి శోకాన్ని లోకం మాట నుంచి వేరుచేసి చూడడం నేర్చుకున్నట్టే. అదే బరువును తన ఇంట్లో మోస్తున్న విద్యార్థి ఒక్కమాటా చెప్పుకోకుండానే ఆ చూపును తన దుఃఖానికీ వర్తింపజేసుకోగలగడం ఈ పద్ధతికి దక్కే విలువ.