బేతాళుని ప్రశ్న, డ్రాకులా మట్టి: కథానియమాల పరిశీలన

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ దుకాణాల గుమ్మాలకు వేలాడే నిమ్మకాయ, మిరపకాయల దండ దిష్టిని ఆపుతుందంటారు గాని, రక్తపిపాసిని ఆపుతుందనరు. పాశ్చాత్య వాంపైరుకు సరితూగే ప్రాణి తెలుగు కథాలోకంలో లేదు. శవాన్ని ఆవహించే బేతాళుడే కొంత దగ్గరివాడు. అయితే విక్రమార్కుని కథల్లో అతని ఆయుధం కోర కాదు, ప్రశ్న.

రాజు మౌనం వీడితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది; సమాధానం తెలిసీ చెప్పకుంటే రాజు తల పగులుతుంది. రెండు నియమాలూ ఏకకాలంలో పాటించడం అసాధ్యం కనుకనే కథ వెంట కథ పుడుతుంది. చివరి ప్రశ్నకు రాజుకు సమాధానం తోచకపోవడంతో ఆ చక్రం ఆగుతుంది. ఇక్కడ వెల్లుల్లిని ప్రవేశపెడితే మొదటి కథతోనే గ్రంథం ముగిసేది!

స్టోకర్ 'డ్రాకులా' (1897) అవసరం వేరు. ట్రాన్సిల్వేనియా ప్రభువు లండను చేరాలి. స్వదేశపు మట్టి లేనిదే అతనికి విశ్రాంతి లేదు. అందుకే ఓడలో మట్టి పెట్టెలు వస్తాయి. ప్రత్యర్థులు వాటిని వెతికి పనికిరాకుండా చేయడమే నవల ఉత్తరార్ధపు వేట. వేటాడేందుకు వస్తువు కావాలి గనుక బలహీనత పెట్టెల రూపం ధరించింది. ఇదే డ్రాకులా పగటిపూట తిరుగుతాడు. శక్తులు మాత్రం తగ్గుతాయి. ఎండ తగిలి నశించడం 1922 నాటి మూకీ చిత్రం 'నోస్ఫెరాటు' కల్పన. నాయిక తెల్లవారేదాకా అతణ్ణి తనవద్ద నిలిపి ఉంచుతుంది. మాటలు లేని తెరపై ఉదయకాంతిలో మాయమవడాన్ని మించిన ముగింపు దొరకదు. నేడు 'అసలు నియమం'గా చెలామణి అవుతున్నది ఈ చేర్పే.

తలుపులపై రాసిన 'ఓ స్త్రీ రేపు రా' మరో రకం. అది అక్షరాలు చదవగలిగే, ఇచ్చిన గడువుకు కట్టుబడే దయ్యాన్ని ఊహిస్తుంది. మంత్రగాడు అక్కరలేదు, సుద్దముక్క చాలు. రాత ఎప్పుడు చదివినా రేపు రేపే.